పేపర్ మూసి చెప్పు

మా డిపార్ట్‌మెంట్‌లో లిటరేచర్ రివ్యూ అంటే ఒక పట్టిక. రాసినవాళ్ల పేరు, సంవత్సరం, పద్ధతి, వాడిన డేటా, వచ్చిన ఫలితం, చిట్టచివర ‘లోపాలు’ అని ఒక గడి. సీనియర్లు జూనియర్లకు ఇచ్చిపోయే ఆస్తి ఇదే. ఆ చివరి గడి నింపడానికి పేపర్ చదవక్కర్లేదు. రాసినవాళ్లే ఆఖర్న ‘ఇకముందు చేయవలసింది’ అని నాలుగు ముక్కలు రాసుకుంటారు. వాటిని తిరగేస్తే చాలు, లోపం తయారు. ‘ఇకముందు మరింత పెద్ద డేటాతో పరీక్షిస్తాం’ అని వాళ్లు రాస్తే, ‘చిన్న డేటాతోనే పరీక్షించారు’ అని మనం రాస్తాం. ఈమధ్య అంత శ్రమ కూడా లేదు. ఫోన్లో చాట్ చేసే ఏఐకి పేపర్ ఇస్తే పట్టిక మొత్తం అదే నింపి పెడుతుంది, మనం పేరు రాసుకుంటే సరి.

నేను ఎంటెక్ చేసిన కాలేజీ ఉప్పల్ దాటి, మేడిపల్లి వైపు. ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కితే, ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికీ తెలియని ఫ్లైఓవర్ స్తంభాలను చూసుకుంటూ, దుమ్ము తింటూ పోవాలి. ఆ స్తంభాల కింద ఇరుక్కున్న బస్సులో నేను చదివినంత చదువు క్లాసులో చదవలేదని ఇప్పటికీ అంటుంటాను. సెక్యూరిటీ కోర్సు చెప్పడానికి వచ్చిన మేడం వరంగల్ వైపు ఆవిడ. చాలా ఏళ్లు కంపెనీలో పనిచేసి వచ్చింది. గొంతు పెంచేది కాదు, నవ్వేది కూడా తక్కువే. మొదటి క్లాసులోనే మేము చదవాల్సిన పేపర్ల జాబితా తెర మీద పెట్టి, అందులో మొదటిది తెరిచి, ముందు వరసలో కూర్చున్న పాపానికి నన్ను లేపింది.

“పైన ఉన్న సారాంశం చదువమ్మా.”

చదివాను. నాచారం గవర్నమెంట్ బడిలో తెలుగు మీడియం చదివినదాన్ని. ఇంగ్లీషు తడబడకుండా చదవడం కోసం నేను పడిన పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. అందుకే ఎవరైనా చదవమంటే నాకు లోపల ఒక గర్వం. ఒక్క పదం దగ్గర కూడా ఆగకుండా, టీవీలో వార్తలు చదివినట్టు గడగడా చదివేశాను.

“మంచిగ చదివినవ్” అంది మేడం. ప్రొజెక్టర్ ఆపేసింది. తెర తెల్లగా అయిపోయింది. “ఇప్పుడు చెప్పు. ఏమంటున్నరు వాళ్లు?”

“మేడం, ద ప్రపోజ్డ్ మెథడ్…”

“తెలుగులనే చెప్పు. నాకు తెలుగు వస్తది.”

ఇప్పుడే నా నోటితో చదివిన వాక్యాలు, ఒక్కటంటే ఒక్కటి లోపల మిగల్లేదు. వెనక బెంచీలోంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. మేడం నన్నేమీ అనలేదు, కూర్చోమంది. అదే నాకు ఎక్కువ మండింది. తిట్టినా బాగుండేది.

తర్వాత క్లాసు మొత్తానికి ఒక మాట చెప్పింది. ప్రాజెక్టుకు తను ఇద్దరినే తీసుకుంటుంది. ఎవరంటే, రివ్యూ రాసి, అందులో ఒక్క పేపర్‌ను తెర లేకుండా, కాగితం లేకుండా నిలబడి చెప్పి, అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చినవాళ్లను. మిగతావాళ్లు మామూలు కేటాయింపులో వేరే సార్ల దగ్గరికి పోతారు. ఆ కేటాయింపు సంగతి అందరికీ తెలిసిందే. సగం మంది ప్రాజెక్టులు రెడీమేడ్‌గా అమ్మే షాపుల చుట్టూ తిరుగుతారు. ఏ రంగు బైండింగ్ కావాలో కూడా ఆ షాపువాళ్లే అడుగుతారు. నాకు అలా బయటికి రావాలని లేదు. నెట్‌వర్క్‌లోకి ఎవరు చొరబడుతున్నారో కనిపెట్టే పని నాకు నిజంగా ఇష్టం, ఆ పనే చేసి బతకాలని ఉంది. అది నేర్పగలిగిన మనిషి ఆ కాలేజీలో ఈవిడొక్కతే. ఆ ఇద్దరిలో నేను ఒకదాన్ని కాకపోతే, నేను ఎంటెక్‌లో చేరడమే దండగ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఆ కోపంతోనే నిర్ణయం చేసేశాను. ఏ పేపర్ దగ్గర నా నోరు పడిపోయిందో, ఆ పేపరే చెబుతాను.

నా పక్కన కూర్చునే దోస్తు సైనిక్‌పురి పిల్ల. ఇంగ్లీషు మీడియం, కోడింగ్‌లో దిట్ట, మనసు మెత్తన. నా నిర్ణయం విని తల పట్టుకుంది.

“ఏందే నీ పంతం? అది మేడం లిస్ట్‌ల మొదటి పేపర్. మస్తు మంది వాళ్ల పేపర్లల్ల దీన్ని చెప్పుకున్నరు. రిజల్ట్ జూడు, నూటికి దగ్గర దగ్గర నూరు. దాంట్ల నువ్వు ఏం లోపం పడ్తవ్? ఏఐని అడిగిన. ‘అద్భుతమైన ఫలితం’ అని చెప్పింది.”

“లోపం నాకెందుకే? వాళ్లు ఏమంటున్నరో తెలిస్తే చాలు” అన్నాను. నిజంగా నాకు అప్పుడు కావలసింది అంతే.

ఎలా చదవాలో మాత్రం నాకు మా ఆదివారం ప్రార్థనలోనే దొరికింది. మేము చిల్కానగర్‌లో ఒకరి ఇంటి మేడ మీద జరిగే చిన్న ప్రార్థన కూటానికి పోతాం. అక్కడ మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరూ ఒక వచనం చదవాలి, పుస్తకం మూయాలి, తన మాటల్లో చెప్పాలి. మూయకుండా చెప్తే కూటం నడిపే పెద్దాయన ఒప్పుకోడు. మా అమ్మ పెద్దయ్యాక అక్కడే చదవడం నేర్చుకుంది. నాచారం పారిశ్రామికవాడలో బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేసే మనిషి, వారమంతా మిషన్ మోతలో ఉండి, ఆదివారం లేచి నిలబడి తన మాటల్లో చెబుతుంటే నేను చిన్నప్పుడు సిగ్గుపడకుండా ముందు వరసలో కూర్చుని వినేదాన్ని. పుస్తకం మూసి చెప్పడం చిన్నప్పటినుంచీ నాకు తెలుసు. చదువుకున్న చదువుకు అది వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

అలా మొదలైంది. సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చాయ్ తాగి, కూరగాయలు ముందేసుకుని కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని పేపర్లో ఒక పేరా చదివి, బోర్లా పెట్టి, అమ్మకు చెప్పేదాన్ని.

“నెట్‌వర్క్‌లకు వచ్చే, పోయే ఒక్కొక్క కనెక్షన్‌కు ఒక్కొక్క లైన్ రాసిపెడ్తరమ్మా. ఎవరు పంపిన్రు, ఎవరికి పంపిన్రు, ఎంతసేపు నడిచింది, ఎంత సరుకు అటు ఇటు పోయింది. లోపల ఏం మాట్లాడుకున్నరో ఉండది. గా లైన్లు జూసి, ఇది మామూలుదా, లోపలికి చొరబడేటోని పనా అని మిషన్ చెప్పాలె.”

“దానికెట్ల తెలుస్తది?” అమ్మ బెండకాయ తుంచుతూ అడిగేది.

“నేర్పిస్తరు. ఇది మంచిది, ఇది చెడ్డది అని ముందే గుర్తువెట్టిన లైన్లు లెక్కలేనన్ని ఉంటయ్. వాటిల కొన్ని చూపించి నేర్పిస్తరు. కొన్ని దాచిపెట్టి, ఇప్పుడు నువ్వు చెప్పు అని పరీక్ష పెడ్తరు.”

“చెడ్డయి అని ముందుగాల ఎవరు గుర్తువెట్టిన్రు?”

“వాళ్లే. ఒక ల్యాబ్‌ల నెట్‌వర్క్ కట్టి, కొన్ని కంప్యూటర్లకెల్లి వాళ్లే దాడి చేయిస్తరు. గందుకే ఏది దాడో వాళ్లకు తెలుసు.”

చెప్పేటప్పుడు నాలిక మడత పడిన చోటల్లా నాకు అర్థంకాని చోటే. అమ్మకు ఆ విషయం ఏమీ తెలియకపోయినా, నేను బుకాయించినప్పుడు మాత్రం ఇట్టే పట్టేసేది. “మళ్ల జెప్పు బిడ్డా, సాఫ్‌గ జెప్తలేవు” అనేది. నేను విసుక్కుని మళ్లీ పేపర్ తిప్పేదాన్ని. ఒక్క పేజీకి తల ప్రాణం తోకకొచ్చేది. కానీ ఆ పేజీ ఇక నాది. బస్సులో కళ్లు మూసుకుని కూడా చెప్పగలను. అలా ఒక్కో పేజీ నాదవుతుంటే కలిగిన సంతోషం నాకు ఏ మార్కుల కాగితం చూసినా కలగలేదు.

ఫలితాల దగ్గరికి వచ్చేసరికి ఒక బొమ్మ ఉంది. మోడల్, అంటే అమ్మకు చెప్పిన ఆ మిషన్, నిర్ణయం చేయడానికి లైన్‌లోని ఏ గడి మీద ఎంత ఆధారపడిందో చూపే అడ్డ గీతలు. పొడుగు గీత ఎక్కువ ఆధారం, పొట్టి గీత తక్కువ ఆధారం. కింద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఏఐ ఇచ్చిన సారాంశంలో ఈ బొమ్మ ఊసే లేదు. ఫోన్లో పెద్దది చేసి చదివాను. అన్నిటికంటే పొడుగు గీత, పంపిన కంప్యూటర్ అడ్రస్‌ది.

పేపర్ బోర్లా పెట్టి చెప్పబోయాను. “అమ్మా, మిషన్ దాడిని ఎట్ల గుర్తువడ్తుందంటే, ముఖ్యంగ… ఎవరి అడ్రస్ నుంచి వచ్చిందో చూసి…”

అక్కడ ఆగిపోయాను. దాడి చేసిన కంప్యూటర్లు ఆ ల్యాబ్‌లో కొన్నే. అవి దాడి తప్ప వేరే పని చేయవు. నేర్చుకోవడానికి ఇచ్చిన లైన్లలోనూ అవే అడ్రస్‌లు, పరీక్షకు దాచిన లైన్లలోనూ అవే అడ్రస్‌లు. మరి ఈ మోడల్ చొరబాటు అంటే ఏమిటో నేర్చుకుందా, లేక ఆ కొన్ని అడ్రస్‌లను బట్టీ పట్టిందా? బయట నిజంగా చొరబడేవాడు ఆ ల్యాబ్ అడ్రస్ నుంచే వస్తాడా?

“ఏమైందే?” అంది అమ్మ.

“ఏం లేదమ్మా. వీళ్లు పరీక్ష తప్పు పెట్టిన్రేమో” అన్నాను. అనగానే నాకే భయమేసింది. అంతమంది చెప్పుకున్న పేపర్, మేడం జాబితాలో మొదటి పేపర్, నాచారంలో బెండకాయల ముందు కూర్చుని తప్పంటున్నాను. ఇది తేల్చకుండా క్లాసులో అంటే, ఈసారి వెనక బెంచీ ఒక్కటే కాదు, అందరూ నవ్వుతారు. మేడం దగ్గర సీటు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్‌లో సైనిక్‌పురి పిల్లను పట్టుకున్నాను. వాళ్లు వాడిన డేటా అందరికీ దొరికేదే. దాన్ని దింపుకున్నాం. మిగతా గడులన్నీ తీసేసి, పంపినవాళ్ల అడ్రస్ ఒక్కటే ఉంచి, అవును, కాదు అని ప్రశ్నలు వేసుకుంటూ పోయే చిన్న మోడల్‌తో నడిపించాం. ఎంతసేపు నడిచింది, ఎంత సరుకు పోయింది, ఏమీ చెప్పకుండా, కేవలం అడ్రస్.

ఫలితం చూసి మా దోస్తు కుర్చీలోంచి లేచింది. “ఏందే ఇది! దాదాపు పేపర్ల వచ్చినంత వస్తున్నది.”

నా కాళ్లు భూమ్మీద నిలవలేదు. క్యాంటీన్‌లో దానికి సమోసా తినిపించాను. నేను ఇద్దరి పేర్లూ రివ్యూలో ఎలా రాయాలో కూడా ఆలోచించేశాను.

అది మాత్రం సమోసా తింటూ, “మరి అడ్రస్ తీసేసి, మిగిలిన గడులన్నిటితోని నడిపిస్తే పడిపోవాలె కదా” అంది. పడిపోవాల్సిందే అన్నాను ధీమాగా. తిరిగివచ్చి నడిపించాం. పడిపోలేదు. ఏదో మర్యాదకన్నట్టు ఇంత తగ్గింది, అంతే. అడ్రస్ లేకపోయినా మోడల్ హాయిగా దాడులన్నీ పట్టేస్తోంది.

“అయితే పేపర్ కరెక్టే ఉన్నట్టుంది కదనే” అంది అది మెల్లగా. దాని తప్పేమీ లేదు. అయినా దాని మీద కస్సుమన్నాను. బ్యాగు సర్దుకుని వచ్చేశాను. గాలి తీసేసిన ట్యూబులా ఉప్పల్ దాకా బస్సులో కూర్చున్నాను. అడ్రస్ నేర్చుకోవడం నిజమే, కానీ అది లేకపోయినా మోడల్ గెలుస్తుంటే నా మాటకు విలువేముంది? నోరు మూసుకుని పట్టిక నింపుకోవడం మేలనిపించింది.

ఇంటికి వచ్చాక అమ్మ ఎప్పటిలాగే, బియ్యం చాట ముందేసుకుని ఎదురుగా కూర్చుంది. “ఏమైంది ఇయ్యాల? పేపర్ తియ్యలే?”

“అయిపోయిందమ్మా. వాళ్లు చెప్పిందే కరెక్ట్.”

“కరెక్టయితే మంచిదే గదా. గదే జెప్పు మరి. మొదటికెల్లి.”

విసుగ్గానే మొదలుపెట్టాను. పాస్‌వర్డ్ ఊహించి చొరబడే దాడి గురించి చెప్పాను. ఒకే కంప్యూటర్ ఒకే తలుపు దగ్గర నిలబడి, ఒక పాస్‌వర్డ్ కాకపోతే ఇంకొకటి అని ఆగకుండా ప్రయత్నిస్తుంది. ప్రతి ప్రయత్నానికీ ఒక లైన్ పడుతుంది. అన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, అంతే సేపు, అంతే సరుకు. ఒక్క పూట సాగిన దాడికే వేల లైన్లు.

“గప్పుడు లైన్లన్ని ఒక్క కాడ పోసి, చీట్లు కలిపినట్టు కలిపి, కొన్ని నేర్పుడుకు, కొన్ని పరీక్షకు తీస్తరు” అని చెబుతూ చెబుతూ మళ్లీ ఆగాను. ఇదే వాక్యం ఇంతకుముందు ఎన్నిసార్లో చెప్పాను, ఒక్కసారి కూడా నాలిక తడబడలేదు. సాఫ్‌గా వచ్చిన వాక్యం కాబట్టే దాన్ని నేను చూడలేదు. ఒకే దాడికి పుట్టిన లైన్లను కలిపేస్తే, కొన్ని నేర్చుకునే వైపు పోతాయి, వాటి తోబుట్టువులు పరీక్ష వైపు పోతాయి. అడ్రస్ తీసేసినా ఏమవుతుంది? ముఖాలు ఒకటే. చూసిన దాన్నే మళ్లీ చూపించి గుర్తుపట్టావా అని అడిగినట్టు.

“అమ్మా, దొరికింది!” అని అరిచాను. అమ్మ ఉలిక్కిపడి బియ్యం చాట పక్కన పెట్టింది. అర్థమయ్యేలా చెప్పేదాకా ఊరుకోలేదు. తోబుట్టువుల సంగతి అమ్మకు విడమర్చి చెప్పడానికి కాస్త టైము పట్టింది. విన్నాక “ఊ” అంది. మళ్లీ బియ్యం ఏరుకుంది.

సైనిక్‌పురి పిల్లకు ఫోన్ చేసి ముందు సారీ చెప్పాను. అది “సారీ గీరీ వద్దు, సంగతేందో చెప్పు” అంది. ఆ డేటాలో పాస్‌వర్డ్ దాడి రెండు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కంప్యూటర్ల నుంచి చేయించారని డేటాతో వచ్చిన వివరాల్లో ఉంది. ఒక రోజు దాడిని మాత్రమే చూపించి నేర్పించాలి. రెండో రోజు దాడితో పరీక్ష పెట్టాలి. రకం అదే, సందర్భం వేరు. మర్నాడు ల్యాబ్‌లో అదే చేశాం. అడ్రస్ గడి, ఎప్పుడు జరిగిందో చెప్పే టైము గడి రెండూ తీసేశాం. మొదటి రోజు లైన్లనే చీట్లు కలిపినట్టు కలిపి పరీక్ష పెడితే అన్నీ పట్టేసిన మోడల్, రెండో రోజు దాడిలో చాలా లైన్లను మామూలువే అని వదిలేసింది. సరిగ్గా నడిచిందా లేదా అని మళ్లీ మళ్లీ నడిపించాం. అదే ఫలితం.

ఈసారి సమోసాలు తినలేదు. ఇద్దరం స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాం. “నువ్వు నిజంగ చదివినవే” అంది అది. ఎంటెక్‌లో నాకు వచ్చిన మొదటి పట్టా అదే.

చెప్పాల్సిన రోజు మేడం ప్రొజెక్టర్ ఆపేసి, చివరి బెంచీలో కూర్చుంది. నేను చేతులు ఖాళీగా నిలబడ్డాను. తెలుగులోనే మొదలుపెట్టాను. టెక్నికల్ పదాలు ఇంగ్లీషులో ఎలాగూ దొర్లుతాయి. మా ఇంట్లో బెండకాయల ముందు చెప్పినట్టే చెప్పాను. లైన్ అంటే ఏమిటి, నేర్పడం ఏమిటి, పరీక్ష ఏమిటి, బొమ్మలో పొడుగు గీత ఏమిటి. అడ్రస్ ఒక్కటే ఇచ్చి చూసిన సంగతి చెప్పాను. తీసేస్తే పడిపోకపోవడమూ దాచలేదు. తోబుట్టువుల సంగతి, రెండో రోజు దాడితో పెట్టిన పరీక్ష సంగతి చెప్పాను.

“ఆగు” అంది మేడం. “రెండో రోజు పట్టలే అన్నవ్. అది కొత్త రకం దాడి అయితే పట్టకపోవచ్చు కదా? అది పరీక్ష తప్పెట్ల అయితది?”

“అదే రకం మేడం. రెండు రోజులూ పాస్‌వర్డ్ దాడే. గందుకే దాన్ని తీసుకున్న. కొత్త రకం తీసుకుంటే, పడిపోయింది కొత్తదనం వల్లనా, పరీక్ష వల్లనా అని తేలకపోతుండె.”

“సరే. మరి ఈ పేపర్ పక్కన పడెయ్యాల్నా?”

“వద్దు మేడం. లైన్లకెల్లి వాళ్లు తీసిన గడులు బాగున్నయ్, పని మస్తు స్పీడ్‌గ అయితుంది. ఆ ఫలితం ఏం చెప్తుందంటే, చూసినదాన్ని ఈ మోడల్ ఎంత బాగ గుర్తువడ్తదో చెప్తుంది. రేపు వేరే ఆఫీసుల పెడితే ఏమైతదో చెప్పదు. వాళ్లు మాత్రం అది చెప్పినట్టు రాసిన్రు.”

“నువ్వు చేసినదాంట్ల లోపం ఏంది?”

ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. కానీ జవాబు నా దగ్గరుంది. “రెండు సందర్భాలున్నది ఆ ఒక్క దాడికే మేడం. మిగతా రకాల గురించి నేను చెప్పలేను. వాళ్ల కోడ్ బయట పెట్టలే, కాబట్టి వాళ్ల సెట్టింగ్స్, మావి ఒకటే అని కూడ చెప్పలేను.”

మేడం లేచి ముందుకొచ్చింది. “అడ్రస్ సంగతి నాకు తెలుసు. ఎవరన్న ఆ బొమ్మ చూస్తరా అనే దీన్ని లిస్ట్‌ల మొదట పెట్టిన” అంది. నా మొహం కొంచెం మాడింది. ఆవిడే ముందుకు కొనసాగించింది. “కానీ నేను అక్కడ్నే ఆగిపోయిన. అడ్రస్ తీసేస్తే సరిపోతది అనుకున్న. రెండోది నేను చూడలే. ఇంకోసారి చెప్పు, రాసుకుంట.”

పెన్ను తీసి నిజంగానే రాసుకుంది. నేను బోర్డు మీద గీసి మళ్లీ చెప్పాను. ఆ క్షణం నాకు కలిగిన గర్వం గురించి వినయంగా రాయమంటే నావల్ల కాదు. ఛాతీ ఉప్పొంగింది, అంతే. నాచారం గవర్నమెంట్ బడి మొత్తం నా వెనక నిలబడినట్టు అనిపించింది.

“లోపాలు అనే గడిల ఏం రాసినవ్?” అడిగింది చివరికి.

“గడి సరిపోలే మేడం. పట్టిక తీసేసి పేరాలు రాసిన.”

అప్పుడు నవ్వింది మేడం. ఆ సెమిస్టర్‌లో నేను చూసిన ఒకే ఒక్క నవ్వు. సాయంత్రం నోటీసు బోర్డులో ఆవిడ పేరు కింద రెండు పేర్లున్నాయి, నాది, సైనిక్‌పురి పిల్లది. అది తన వంతు వచ్చినప్పుడు వేరే పేపర్ చెప్పింది, దాన్నీ మూసే చెప్పింది. బోర్డు దగ్గర నన్ను గట్టిగా వాటేసుకుని, “ఇగ నుంచి పేపర్లు చదవనీకి మీ ఇంటికే వస్తనే, అమ్మ కాడికి” అంది.

ఆ ఆదివారం చిల్కానగర్ మేడ మీద సాక్ష్యం చెప్పే సమయం వచ్చింది. సాక్ష్యమంటే, ఆ వారం ఎవరికైనా మేలు జరిగితే లేచి నిలబడి చెప్పడం. అమ్మ లేచింది. ఏం చెబుతుందో నాకు తెలుసు. బిడ్డకు సీటు వచ్చింది, దేవునికి స్తోత్రం అని చెప్పి కూర్చుంటుంది, అనుకున్నాను.

“నా బిడ్డ ఒక పేపర్ చదివింది” అని మొదలుపెట్టింది అమ్మ. “కంప్యూటర్లల్ల దొంగలు జొరబడ్తె పట్టే మిషన్ గురించి. రాసినోళ్లు పెద్దోళ్లు. మా మిషన్ అందరు దొంగల్ని పట్టింది అని రాసిన్రు. నా బిడ్డ ఏమంటదంటే, మీరు పరీక్ష సరిగ వెట్టలే అన్నది. మా కంపెనీల బట్ట తాను ఉంటది గదా. ఒక్క తానుకెల్లే రెండు ముక్కలు కోసి, ఒక ముక్క సూపిచ్చి, రెండో ముక్క ముందట వెట్టి, ఇదేం బట్ట అనడిగితే ఎవరు జెప్పరు? నేను గూడ జెప్త. ఇంకో తాను తెచ్చి అడుగు, గప్పుడు తెలుస్తది వానికి బట్ట సంగతి ఎరుకనా లేదా అని. గదీ నా బిడ్డ జెప్పింది. వాళ్ల మేడం గూడ రాసుకున్నది.”

మేడ మీద అందరూ వింటున్నారు. పెద్దాయన కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగాడు. “బిడ్డా, మీ అమ్మ కరెక్ట్‌గనే చెప్పిందా?”

నేను నాలుగు వారాలు కుస్తీ పట్టి రాసిన పేరాలన్నీ ఆ ఒక్క బట్ట తానులో ఉన్నాయి. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తలూపాను. “ఒక్క ముక్క గూడ తప్పు లేదు తాతా” అన్నాను.

అమ్మ కొంగు సర్దుకుని నా పక్కన కూర్చుంది. మోచేత్తో నన్ను పొడిచి, చెవి దగ్గర మెల్లగా అంది, “మూసే జెప్పిన, సూసినవా?”